ఐదువందల డెబ్భై రెండు సోమవారాలు

పద్నాలుగైతే బయల్దేరినట్టు, పదిహేనైతే చేరినట్టు. మరి ఆ రెంటికీ మధ్య మనిషి ఎక్కడున్నట్టు?

స్మారక భవనంలో తేదీలు సరిచూసే గదిలో ఉద్యోగిని పొద్దుట్నుంచి ఈ ప్రశ్ననే నములుతోంది. గద్దె దించి దేశం దాటించిన పెద్దాయన పదకొండేళ్ళకు సరిహద్దు వంతెన మీదుగా తిరిగొచ్చి, మళ్ళీ గద్దెనెక్కి, నిరుడు కన్నుమూశాడు. ఆయన ప్రవాసంలో ఎక్కడ ఎన్నాళ్ళున్నాడో, ఎప్పుడు తిరిగొచ్చాడో స్మారక భవనం గోడ మీద చెక్కాలి. రేపే ప్రారంభం. గుమ్మం దగ్గర స్టూలు మీద రాతి పనివాడు ఉలి ఒళ్ళో పెట్టుకుని ఆవలిస్తున్నాడు.

"అమ్మా, ఆ ఒక్క అంకె నా మొహాన పడేస్తే చెక్కేసి పోతాను."

"రెండు ఆధారాలు లేకుండా అంకె కదలదు."

"తప్పితే ఏమవుతుందంట?"

"ఆయన తిరిగొచ్చిన రోజు ఇక సెలవుదినం కదా, దేశానికి ఏటా ఒక రోజు ముందుగా సెలవొస్తుంది. నాకు ఎల్లుండి నుంచి రోజూ సెలవే. డైరెక్టరుగారు కాగితం మీద పెట్టి మరీ చెప్పారు."

మిగతా తేదీలన్నీ ఆమె చేతివేళ్ళ మీదున్నాయి. పరదేశికి గది అద్దెకిచ్చినవాళ్ళు ఒక్క రోజులోగా పోలీసుస్టేషన్లో చీటీ ఇవ్వాలి. అది మొదటి ఆధారం. ఆశ్రయం పొందిన మనిషి సోమవారం సోమవారం అక్కడి రిజిస్టర్లో సంతకం పెట్టాలి, అది రెండోది. సొంత దేశం పాస్‌పోర్టు రద్దు చేసింది కనుక అక్కడి ప్రభుత్వమిచ్చిన బూడిదరంగు ప్రయాణపత్రం మీద ఏటేటా పొడిగింపు ముద్రలు అదనం. రేవు పట్టణంలో నాలుగేళ్ళు, కొండ ఊళ్ళో ఐదు, సరిహద్దు ఊళ్ళో రెండు. ఐదువందల డెబ్భై నాలుగు సోమవారాలకు ఐదువందల డెబ్భై రెండు సంతకాలు దొరికాయి. లేని రెంటిలో ఒకనాడు జ్వరం, డాక్టరు చీటీ ఉంది. ఇంకోనాడు ఊరు మారుతున్నాడు, రైలు టిక్కెట్టు ఉంది.

ప్రతి సంతకం చివరా దారం తెంపే ముందు వేసినట్టు చిన్న ముడి. ఆ ముడి కనబడితే ఆమెకు సొంత మనిషి కనబడినట్టుండేది. పోయిన సోమవారం తనేం చేసిందో తనకే గుర్తులేదు. ఈయన సోమవారాలు మాత్రం కంఠతా వచ్చు. కొండ ఊరి ఇల్లుగలావిడ ఉత్తరం చదివినప్పుడైతే కళ్ళు చెమర్చాయి: "గడ్డం, నల్ల కళ్ళద్దాలు చూసి మొదట భయపడ్డాం. తీరా చూస్తే మా కర్టెన్లన్నీ ఆయనే కుట్టిపెట్టాడు." అధికారం పోతే మనిషి ఎంత ఒదుగుతాడో!

చిక్కంతా వంతెనతోనే. అటువైపు నిష్క్రమణ ముద్ర పద్నాలుగున, పక్కన ముడితో సంతకం. ఇటువైపు ప్రవేశ ముద్ర పదిహేనున, సంతకానికి ముడి లేదు. సంతోషంలో మర్చిపోయుంటాడని రాసుకుంది. కానీ రెండువందల అడుగుల వంతెనకు ఒక రోజేమిటి?

ఆ రోజు వంతెన నడుమ తనిఖీ గదిలో పెద్దాయనకు కొత్త సూటు తొడిగిన దర్జీ ఇంకా బతికే ఉన్నాడు. కబురు పెడితే కర్ర ఊతంతో వచ్చాడు.

"తాతగారూ, ఆ గదిలో అంతసేపు ఏం చేశారు?"

"బట్టలు మార్చుకోవద్దా తల్లీ? పదకొండేళ్ళలో ఒళ్ళు మారుతుంది. సరిచేసేసరికి తెల్లారింది."

"కొలతలు ముందే లేవా?"

"లేకేం! ఆయన కొలతలూ నా కొలతలూ ఒక్కటే. మొదట్నుంచీ ఆయన కోట్లు నా ఒంటి మీదే సరిచూసేవాణ్ణి."

"గదిలోంచి ఎప్పుడు బయటికొచ్చారు?"

"పదిహేను పొద్దున. ఇద్దరం కలిసే దేశంలో అడుగుపెట్టాం."

"పదిహేను!" అంటూ రాతి పనివాడు లేచాడు. "ముద్ర ఒకటి, తాత ఒకటి. రెండయ్యాయిగా అమ్మా!"

ఆమె తలూపింది. వాడు వెళ్ళిన నిమిషానికే గోడవైపు నుంచి ఠంగు ఠంగుమని వినబడసాగింది. పదకొండేళ్ళ బరువు భుజాల మీంచి జారింది.

"మీ వాంగ్మూలం ఒకసారి చదువుకోండి, తాతగారూ."

దర్జీ కళ్ళజోడు సవరించుకుని చదివాడు. అట్టడుగున సన్నక్షరాల దగ్గర ఆగాడు.

"ఇదేంటి? 'సాక్షి ఆ పదకొండేళ్ళూ తన దుకాణం విడిచి వెళ్ళలేదు. కిటికీలోంచి బట్ట తీసుకునేవాడు, ముఖం చూపేవాడు కాదు. ఆ కాలంలో అతడు కుట్టిన కాలర్లన్నీ వంకరే.' ఎవడు కూశాడు?"

"సాక్షి నమ్మకస్తుడో కాదో వాకబు చెయ్యాలి కదా. మీ వీధిలో ఇద్దరు చెప్పారు."

"నేను వంకర కాలరు కుట్టానా? నేను!"

"గుండీలు కూడా ఊడిపోయేవన్నారు. అది నేను రాయలేదు."

"కొట్టెయ్! ఆ ముక్క కొట్టెయ్ తల్లీ! రేపు భవనంలో పెడితే ఊరంతా చదువుతుంది."

"రెండు ఆధారాలున్న మాట కొట్టెయ్యడం కుదరదు. అవి మీరు కుట్టినవి కావంటే, మీరప్పుడు ఇంకెక్కడో ఉన్నట్టు చూపించాలి. ఉన్నారా?"

దర్జీ గోడవైపు చెవి పెట్టాడు. ఠంగు ఠంగు.

"మాటిచ్చాను. ఆయన పోయాడు కదా అని మాట పోదు," అని గొణిగాడు. మళ్ళీ ఆ సన్నక్షరాల మీద వేలు పెట్టాడు. "కానీ వంకర కాలరు... ఆయన పోయాక కూడా నా పేరు మీదేనా?"

"పోనీ, అభ్యంతర పత్రం ఇస్తాను. కారణం రాయక్కర్లేదు. కింద సంతకం పెడితే చాలు."

ఆమె కలం అందించింది. దర్జీ దాన్ని సూది పట్టినట్టు పట్టుకుని, చాలాసేపు ఆ ఖాళీ గీత వంక చూశాడు.

పెద్దాయన పేరు రాసి, చివర ముడి వేశాడు.