దేవమ్మ దిద్దిన పేర్లు

"సముద్రం మీద బతికేవాడికి సాగర్ అని పేరేంటండీ మేష్టారూ!" దేవమ్మ చేపల గంప అరుగు మీద దించి పకపకా నవ్వింది.

శివరామయ్య నొచ్చుకోలేదు. బందరులో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కథలు రాసే పిచ్చొకటి ఉంది. పత్రికలకు పంపినవి పంపినట్టే తిరిగొచ్చేవి. ఎందుకొస్తున్నాయో కూతురు గాయత్రి ఎప్పుడో తేల్చేసింది. "మీ మనుషులు బాగానే ఉంటారు నాన్నా. వాళ్ల పేర్లే అబద్ధం."

గాయత్రి పెడనలో టీచరు. ఓటర్ల జాబితా పని మీద రెండేళ్లుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. పేరు వింటే చాలు, మనిషి వయసూ ఊరూ ఇట్టే చెప్పేస్తుంది. అలాంటి పిల్ల రేపు ఆదివారం వచ్చి, ఆయన ఇప్పుడు రాస్తున్న ఈ కథ చదవాలి. చదివి నమ్మాలి. ఒక్క పేరు దగ్గర పెదవి విరిచిందంటే మిగతాదంతా గంగలో కలిసినట్టే. వారం రోజులుగా శివరామయ్యకు అన్నం సయించడం లేదు.

దేవమ్మ పుట్టిల్లు నాగాయలంక అవతల. ఈ సంగతి అడగాలంటే ఆవిడనే అడగాలి.

"దివిసీమలో చేపలు పట్టే ఇల్లు దేవమ్మా. మూడు తరాలు. తాత పేరు వెంకటేశ్వరరావు అనుకున్నాను."

"ఆ తాత ఎప్పుడు పుట్టాడంటారు?"

"పందొమ్మిది వందల పదిహేను ప్రాంతం."

"అప్పట్లో మా వాళ్లకి రావులెక్కడియ్యండీ? సత్తయ్యనండి. నాంచారయ్యనండి. ఆ తోకలు బడికెళ్లినాక వచ్చినియ్యి."

సత్తయ్య అని రాసుకున్నాడు. అతని భార్య ముత్యాలమ్మ. దానికి దేవమ్మ అడ్డు చెప్పలేదు.

"మరి వాళ్ల కొడుక్కి? సాగర్ వద్దంటున్నావుగా."

"ఆడికి ముందు పుట్టినోళ్లు దక్కారా?"

శివరామయ్య తెల్లబోయాడు. అంతదూరం ఆయన ఆలోచించలేదు. "లేదు, ఇద్దరు పోయారనుకో."

"అయితే పెంటయ్యే. పుట్టంగానే పెంటకుప్ప మీద పడుకోబెడతారు. ఇంకో ఆడమనిషి ఎత్తుకుంటది. గుప్పెడు నూకలిచ్చి తల్లి మళ్లీ కొనుక్కుంటది. పెంట మీద దొరికినోడి మీద చావుక్కూడా కన్నుపడదని. మా పెద్దన్న పేరూ అదే."

"అతని భార్య సుహాసిని..."

"చాల్చాల్లెండి. సామ్రాజ్యం అనండి. తిండికి లేకపోయినా పేరు మాత్రం సామ్రాజ్యం. ఆ ఈడు ఆడోళ్లలో ఊరికి నలుగురుండేవోళ్లు."

ఆయనకూ నవ్వొచ్చింది. కాగితం మీద మనుషులకు ప్రాణం వస్తున్నట్టే ఉంది. వాళ్లకు ఇంటిపేరు కూడా అడిగి కొక్కిలిగడ్డ అని రాసుకున్నాడు. ఇక మిగిలింది మనవరాలు. డెబ్బై మూడులో పుట్టిన పిల్ల. హారిక అని పెట్టుకున్నాడు.

"హారికలు ఇప్పుడు పుడుతున్నారండీ, అప్పుడు కాదు. నాయనమ్మ పోయిందా, ఉందా?"

"పోయింది."

"అయితే ఇంకేంటి, ఆ పిల్లే ముత్యాలమ్మ. పోయినోళ్ల పేరు ఇంట్లో తిరగాల. కాకపోతే ఆ పేరుతో ఎవరూ పిలవరు."

"ఎందుకని?"

"అత్త పేరు కోడలు నోటితో ఎట్టా అంటదండీ? పిల్లని తిడదామన్నా అత్తని తిట్టినట్టే గదా. అందుకే పాపా, పాపా అంటది. తల్లిని చూసి ఊరంతా అదే. బళ్లో వేసేదాకా ఆ పిల్లకే తెలీదు తన పేరు."

శివరామయ్య కలం ఆగిపోయింది. కళ్లజోడు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"చివర్లో ఏమవుతారండీ వాళ్లంతా?" అంది దేవమ్మ.

"డెబ్బై ఏడు ఉప్పెనలో పోతారు."

దేవమ్మ నవ్వు ఆరిపోయింది. "పిల్ల కూడానా?"

"లేదు. పిల్ల బతుకుతుంది."

"పోన్లెండి, పేరన్నా మిగిలింది," అని గంప నెత్తికెత్తుకుంది. "పేపర్లో పడితే మా వోళ్లక్కూడా చూపిస్తానండీ."

"పేపరుకు కాదు దేవమ్మా. చదివేది ఒక్క మనిషే."

ఆదివారం పొద్దున్నే పెడన బస్సు దిగి గాయత్రి వచ్చింది. కాళ్లు కడుక్కుని చాప మీద కూర్చుంది. శివరామయ్య కాగితం చేతికిచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇన్నేళ్లు బళ్లో అబద్ధమాడకూడదని పిల్లలకు చెప్పిన మనిషి.

గాయత్రి తాపీగా చదువుతోంది. ఒక్కో పేరు కింద వేలు పెడుతోంది.

"సత్తయ్య. సరే. ఈ పెంటయ్యకి ముందు పిల్లలు పోయారా?"

"ఇద్దరు."

"అనుకున్నా." వేలు కిందికి జరిగింది. "మనవరాలికి నాయనమ్మ పేరు. మరి తల్లి ఏమని పిలిచేది?"

"పాపా అని."

గాయత్రి కాగితం మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆమె పెదవి ఎక్కడ విరుస్తుందోనని శివరామయ్య ఓరగా తిరిగి చూశాడు. విరవలేదు. పెదవులు వణికాయి.

"ఇరవై ఏళ్ల నుంచి అడుగుతున్నాను నాన్నా," అంది గాయత్రి, "ఉప్పెనలో మీకు దొరికిన నన్ను కన్నతల్లి పేరు సామ్రాజ్యమని ఇవాళ్టికి చెప్పారు."