ఏడుపెంకులాటలో అరటిపండు

వీధులన్నీ డ్రైవర్లు లేని బళ్లకి వదిలేశాక పిల్లలకి మేడలే మిగిలాయి. మేడ మీద ఎలా ఆడాలో వాళ్లకెవరూ చెప్పలేదు. అందుకే బడిలో టీచరైన రేవతి, తన మామ్మ సన్యాసమ్మ చేత ఏడుపెంకులాట చెప్పించి, పిల్లలకి ఆటలు నేర్పే యంత్రంలోకి ఎక్కిస్తోంది.

"ఏడు పెంకులూ ఒకదాని మీదొకటి పేర్చాల. ఒక జట్టు బంతితో పడగొట్టి పరిగెడతాది. రెండో జట్టోళ్లు బంతెట్టి కొడతారు, తగిలినోడు అవుట్. అందరూ అవుటయ్యేలోగా మళ్లీ పేర్చేస్తే గెలిచినట్టు."

"మూడుసార్లు విసిరినా పడకపోతే?"

"పక్కోడికి బంతి ఇచ్చేయాల. మరి అరటిపండు రాయవేటే?"

"అదేంటి మామ్మా?"

"మరీ చిన్నోళ్లని అరటిపండని ఆడించుకునేవోళ్లం. తగిలినా అవుటు లేదు, పేర్చినా లెక్క లేదు. మా చెల్లి నూకాలు ఎప్పుడూ అదే."

యంత్రం అడ్డు చెప్పింది. "గెలుపోటములతో పనిలేని ఆటగాడు అనవసరం. ఈ నియమం తీసేయనా?"

"తీసేస్తే నూకాలు ఏడుస్తాది," అంది సన్యాసమ్మ.

నూకాలు పోయి చాలా ఏళ్లయింది. రేవతి ఆ నియమాన్ని ఉంచేసింది.

రాసింది సరో కాదో ఆడిస్తే గానీ తెలీదు. మర్నాడు పిల్లలు మేడెక్కి జట్లు కట్టారు. కర్ర పట్టుకుని గోడవార నిలబడ్డ సన్యాసమ్మ కళ్లు పెంకుల మీదే ఉన్నాయి. ఒక పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మామ్మా, నువ్వు మా అరటిపండువి. రా."

ఆవిడ కుచ్చిళ్లు ఎగదోపి రెండడుగులేసిందో లేదో, బంతి వచ్చి వీపుకి తగిలింది.

ఆవిడ అవుట్ కాలేదు.