ఆరో చోట

రెండో పాదం మధ్యలో ఆమె ఇరుక్కుపోయింది.

“అంశం మరోసారి చెప్పమంటారా?” అని అడిగింది అధ్యక్షురాలు.

“గుర్తుందండీ. నీడ.”

“కందమే రాయాలి. ఇంకో ఛందస్సు కుదరదు.”

తల ఎత్తకుండానే ఊ కొట్టింది. కిటికీ పక్క కుర్చీలో తండ్రి వీపు కనిపిస్తోంది. సైగలు చేస్తాడేమోనని ఆయన్ని అటు తిప్పి కూర్చోబెట్టారు. ఆమె మొదటి పుస్తకానికి ఈ పద్యకవుల సంఘం బహుమతి ఖాయం చేసింది. ఇంకా ప్రకటించకముందే సంతకం లేని పద్యమొకటి వచ్చిపడింది. పుస్తకం కూతురిది కాదు, తండ్రిదేనని దాని సారాంశం. ఇక్కడే కూర్చుని ఒక్క కందం తప్పులేకుండా రాస్తే పుస్తకం ఆమెది. లేకపోతే బహుమతితోపాటు పరువూ పోతుంది.

మొదటి పాదం సులువుగానే వచ్చింది. నాలుగేసి మాత్రల గణాలు మూడు. ‘నీడను, పెరిగిన, మొక్కకు.’ రెండో అక్షరం ‘డ’ పడింది కాబట్టి నాలుగు పాదాల్లోనూ అక్కడ ‘డ’ రావాలి. ‘నీ’ గురువు కాబట్టి అన్నీ గురువుతోనే మొదలవ్వాలి.

రెండో పాదానికి గణాలు ఐదు. ‘వేడిమి తెలియదు’ అని రాసింది. రెండు గణాలు అయ్యాయి. యతి కోసం నాలుగో గణం ‘వే’కి చుట్టమైన అక్షరంతో మొదలవ్వాలి. ‘వెలుగును’ దొరికింది. చివరి గణం గురువుతో ముగియాలి. ‘గనదే’ సరిపోయింది. మధ్యలో ఒక్క గణమే ఖాళీ.

అదే ఆరో చోటు. రెండు పాదాల గణాలూ వరసగా లెక్కిస్తే ఆరోది. అక్కడ జగణమైనా ఉండాలి, నాలుగు లఘువుల నలమైనా ఉండాలి. ‘కనుకనె’ అన్న మాట నాలుక చివరే ఉంది. నాలుగూ లఘువులే. చక్కగా అతుకుతుంది. కలం కాగితం దాకా వెళ్లి ఆగిపోయింది.

తండ్రి ఇంట్లో నడిపే పద్యాల తరగతిలో ఆరో చోట నలం నిషేధం. అక్కడ జగణమే వెయ్యాలి. నలం వేస్తే కాగితం చింపి చేతిలో పెట్టేవాడు. కూతురికీ మినహాయింపు లేదు.

“పుస్తకాల్లో రెండూ చెల్లుతాయని ఉంది కదా నాన్నా?” అని అడిగిందొకసారి.

“చేయి తిరిగిన నాబోటివాళ్లకి. నీకు కాదు.”

“నా చేయి ఎప్పుడు తిరుగుతుంది?”

“నేను చెప్పినప్పుడు.”

ఇన్నేళ్లయినా ఆయన చెప్పలేదు. ఇప్పుడు ప్రాణం మీదికొచ్చినా చేయి నలం రాయనంటోంది. జగణమే కావాలి: లఘువు, గురువు, లఘువు. వెతికి వెతికి ‘నిజాన’ పట్టుకుంది. తర్వాత రెండు పాదాలూ తన్నుకొచ్చాయి. కాగితం అటు తోసింది.

నీడను పెరిగిన మొక్కకు
వేడిమి తెలియదు, నిజాన వెలుగును గనదే
తోడై నిలిచిన కొమ్మలె
మోడుగ మార్చును కదమ్మ మొలకను చివరన్

అధ్యక్షురాలు పెన్సిలు మొనతో ఒక్కో గణాన్నీ తట్టింది. “బేసి చోట్ల జగణం లేదు. ఆరో చోట రెండుసార్లూ ఉంది. మో, మొ, యతి బావుంది.” కాగితం మడిచింది. “పుస్తకం మీదేనమ్మా. ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి.”

తండ్రి కుర్చీ తిప్పుకున్నాడు. “నేను చెప్పలేదూ? మరి ఆ మందుల షాపువాడి సంగతేంటి?”

మందుల షాపాయన ఆ తరగతిలో మరో శిష్యుడు. బహుమతి కబురు తెలిసింది ఆ తరగతిలోవాళ్లకే. తన పుస్తకానికి రాలేదని అక్కడే మూతి ముడుచుకున్నది ఆయనొక్కడే. తండ్రి ఆ మాట సంఘానికి ముందే చేరవేశాడు. ఇప్పుడా షాపాయన వరండాలో, సంఘంలోంచి పేరు కొట్టేస్తారేమోనని చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“మీ నాన్నగారు ఆయన్నే అంటున్నారు. మీరు కూడా అంటే ఇవాళే తీసేస్తాం,” అంది అధ్యక్షురాలు.

“ఆ పద్యం నేనింకా చూడలేదండీ.”

“చూసి బాధపడటం ఎందుకే బుజ్జీ?” అన్నాడు తండ్రి.

అధ్యక్షురాలు సొరుగులోంచి తీసిచ్చింది.

పేరది కూతురిదైనను
ధారయు తీరును పలుకులు తండ్రివి సుమ్మీ
కోరిన బహుమతి నిచ్చుట
నేరము గాదా సభకిది నిజమును గనరే

ఆమె పెదవులు కదిలిస్తూ చదివింది. మళ్లీ మొదటికి వచ్చి వేళ్లు మడిచింది. ఆరో వేలి దగ్గర ఆగింది: ‘పలుకులు’, నాలుగూ లఘువులే. రెండో సగంలోనూ అక్కడే, ‘సభకిది’ దగ్గర ఆగింది.

“ఆయన్ని ఒకసారి లోపలికి పిలుస్తారా?”

మందుల షాపాయన వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. “అమ్మాయ్, ఏడుపొచ్చిన మాట నిజమే. దాచను. కానీ ఈ పని నాది కాదు.”

“బాబాయ్, ఆరో చోట మీరెప్పుడైనా నలం వేశారా?”

ఆయన బిత్తరపోయాడు. “మాస్టారు బతకనిస్తారా? ఇప్పుడు వెయ్యమన్నా చేయి రాదు. నీకొస్తుందా?”

“రాదు బాబాయ్. ఇందాకే చూసుకున్నాను.”

“మన తరగతిలో ఎవరికొస్తుందమ్మా?”

ఆమె కాగితం బల్ల మీద పెట్టి, ముడత పోయేదాకా అరచేత్తో నిమిరింది.

“ఇంకా నానుస్తావేంటే?” తండ్రి లేచొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. “అడుగుతున్నారుగా. రాసినవాడి పేరు చెప్పెయ్.”

ఆమె ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది. అధ్యక్షురాలి వైపు తిరిగింది.

“మా నాన్నండీ.”