ముందు పలకరింపు

"పిచ్చుకా, ఎలా ఉన్నావే? ఇన్నేళ్లు ఉలుకూ పలుకూ లేనందుకు నన్ను తిట్టుకో, కానీ చదవడం మాత్రం ఆపకు." విదేశంలో ఉన్న స్నేహితురాలికి రాస్తున్న ఉత్తరాన్ని ఆమె పైకి చదివింది.

"బాగుంది. సాకులు చెప్పకు," కుర్చీ వెనక నిలబడ్డ భర్త అన్నాడు. "మన సోది తర్వాత. ముందు ఆవిడ సంగతులడుగు."

"ఏమడగను? నా ఉత్తరాలకి ఒక్క ముక్క జవాబు రాలేదు. అలిగి నేనూ మానేశాను."

"విరిగిన కాలు నయమైందా, నడుస్తోందా అని అడుగు."

ఆమె కలం ఆగింది.

"దాని కాలు విరిగిందా? నాకెవరూ చెప్పలేదే!"

అతని చెయ్యి మెల్లగా ఆమె భుజం మీద పడింది.

"కానివ్వు. కవరు అంటించి ఇస్తే నేనే పోస్టులో వేస్తాను," అన్నాడు. "ఎప్పటిలాగే."