పళ్ల డాక్టర్ ఫోన్

జేబులో ఫోన్ వణికింది.

సూపర్‌వైజర్ తీసి చూశాడు. తెర మీద ‘పళ్ల డాక్టర్’ అని ఉంది.

అతని పళ్లకు ఏ జబ్బూ లేదు. అది ఊరి అవతల ఉన్న ఇంకో కంపెనీ నంబరు. మూడు నెలలుగా ఆ పేరుతో దాచుకున్నాడు. ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతిసారీ పన్ను పీకించుకోవాలని సెలవు రాశాడు. ఆ లెక్కన ఈపాటికి నోట్లో నాలుగు పళ్లు ఉండకూడదు. ఇస్త్రీ చొక్కా సంచిలో మడిచి తీసుకెళ్లి, బస్టాండు మరుగుదొడ్లో మార్చుకునేవాడు. దరఖాస్తులో ‘ఇప్పటి యజమానిని విచారించవచ్చా?’ అన్నచోట ‘వద్దు’ అని రాశాడు.

పన్నెండేళ్లుగా రేకులు కొట్టే ప్రెస్‌ల మధ్య నిలబడి ఎడమ చెవికి వినికిడి సగం పోయింది. కొత్త ఉద్యోగం గాజు గదిలో, తనిఖీ కాగితాల ముందు. అందులో తప్పేముంది?

అయినా ఊడ్చే పనికి చీపురుతో వచ్చిన తనను సూపర్‌వైజర్‌ను చేసిన ఫ్యాక్టరీ యజమాని, పెద్దాయన, ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. బుర్ర పని మీద నిలిచేది కాదు. పోయిన వారం ఒక సరుకు నంబరు ఇంకో సరుకుకి వేశాడు. లారీ మొత్తం తిరిగొచ్చింది.

పైగా వారం రోజులుగా ఒక కొత్త మనిషి. బూడిదరంగు చొక్కా, నలభై పైన వయసు. ‘పని చూస్తాడు, చూడనీ’ అన్నాడు పెద్దాయన, అంతే. ఆ మనిషి సూపర్‌వైజర్ ఎక్కడుంటే అక్కడే తిరిగేవాడు.

“నా మీద నిఘా పెట్టారే,” అన్నాడు నిన్న రాత్రి భార్యతో.

“నువ్వే వెళ్లి ఉన్నది చెప్పేయొచ్చుగా?”

“కొత్త ఉద్యోగం ఆర్డరు చేతికి రాకుండా నోరు జారితే రెండూ పోతాయి.”

ఫోన్ ఆగి, మళ్లీ వణికింది. అప్పుడే మూడో ప్రెస్ దగ్గర్నుంచి కేక.

“అబ్బాయ్, రేకు ఇరుక్కుంది!”

పిన్ని. ఫ్యాక్టరీ అంతటికీ ఆమె పిన్నే.

ఇరుక్కున్న రేకు తీయాలంటే ముందు సూపర్‌వైజర్ మెయిన్ స్విచ్ ఆపాలి. దానికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకోవాలి. ఆ తర్వాతే ఎవరైనా లోపల చెయ్యి పెట్టాలి. పన్నెండేళ్లలో అతను ఒక్కసారి కూడా తప్పలేదు.

“ఊఁ, తీసెయ్ పిన్నీ!” అని అరిచి, ఫోన్ పట్టుకుని గోదాం వెనక్కి పరిగెత్తాడు.

“పదిహేను రోజుల్లో చేరగలరా?” అని అడిగింది ఆడగొంతు.

“ఇక్కడ రెండు నెలల నోటీసు ఉందండీ...”

“మాకు అంత టైమ్ లేదు. ఇప్పుడే చెప్పాలి.”

“చేరతానండీ. ఎలాగో చేరతాను.”

వెనక అడుగుల చప్పుడు. ఫోన్ కట్ చేసి తిరిగాడు. బూడిదరంగు చొక్కా.

“సార్, మూడో ప్రెస్...”

మాట పూర్తికాలేదు. సూపర్‌వైజర్ ఆ మనిషి గొంతు దగ్గర చొక్కా పట్టి గోడకేసి కొట్టాడు. తల గోడకు తగిలి టప్పుమంది.

“ఎన్నాళ్లు తిరుగుతావురా నా వెనక?”

“సార్, ఒక్క మాట...”

మూతి మీద గుద్దాడు. ఇంకోటి. మూడో దెబ్బకి పెదవి చీలి రక్తం గడ్డం మీదికి కారింది. మూడు నెలల భయమంతా పిడికిట్లోకి వచ్చింది. “పో! పోయి చెప్పుకో! ఏం విన్నావో అన్నీ చెప్పుకో!”

ఆ మనిషి చెయ్యి ఎత్తలేదు. రక్తం ఉమ్మేసి అన్నాడు.

“తాళం వెయ్యలేదు సార్.”

సూపర్‌వైజర్ పిడికిలి గాల్లోనే ఆగిపోయింది. ఆ మనిషి అప్పటికే పరుగందుకున్నాడు. సూపర్‌వైజర్ వెనకే పరిగెత్తాడు.

పిన్ని మోచేతుల దాకా ప్రెస్ లోపలికి పెట్టి రేకు లాగుతోంది. రేకు రాలేదు. ఇంకా బలంగా లాగబోతే కాలు నూనెలో జారి ప్రెస్‌ను దింపే పెడల్ మీద పడింది.

కొత్త మనిషి ఆమె రెండు చేతులూ పట్టి బయటికి విసిరేశాడు. ఆమె వెల్లకిలా పడింది. అతని చేతులు మాత్రం బయటికి రాలేదు.

రెండు వందల టన్నులు దిగాయి.

కేక కూడా వినపడలేదు. రక్తం సూపర్‌వైజర్ ముఖాన కొట్టింది. బెల్టు ఊడదీసి ఒక భుజానికీ, పిన్ని కొంగు చింపి ఇంకో భుజానికీ బిగించాడు. “కళ్లు మూయకు! నన్ను చూడు! నన్ను తిట్టు, ఏదో ఒకటి అను!”

“ఆవిడకి... దెబ్బేం తగల్లేదు కదా?”

అంబులెన్స్ ఆసుపత్రి గేటు దాటకముందే ప్రాణం పోయింది.

వరండాలో పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సూపర్‌వైజర్ ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“తాళం నేను వెయ్యలేదు సార్. చెప్పడానికొస్తే నేనే కొట్టాను. మీరు పెట్టిన వేగు అనుకున్నాను. నేను వేరే ఉద్యోగం...”

“తెలుసు.”

“సార్?”

“ఈ పనిలో ఉన్నోళ్లం ఎంతమందిమిరా? ఆ కంపెనీ ఆయన నెల కిందటే నన్ను అడిగాడు. కళ్లు మూసుకుని తీసుకో, బంగారం లాంటివాడు అన్నాను. నీ అంతట నువ్వే వచ్చి చెప్తావని చూశా. అప్పటిదాకా తనెవరో చెప్పొద్దని ఈ కొత్తాయనకీ నేనే చెప్పా.”

“ఎవరు సార్ ఆయన?”

పెద్దాయన మూసి ఉన్న తలుపు వంక చూశాడు.

“రెండు నెలల నోటీసు అడ్డం పెట్టి నిన్ను ఆపడం ఇష్టంలేక, నీ పని నేర్చుకుని నిన్ను తొందరగా పంపించెయ్యడానికి నేను బతిమాలి తెచ్చుకున్న మనిషిరా.”