సేప పక్కన చేప

శ్రీకాకుళంలో టీచర్ ట్రైనింగ్ ఇంటర్వ్యూ గదిలోంచి ఆశ్రిత నవ్వుతూ వచ్చింది. "నాన్నా, 'సేప' సంగతి మేడమ్‌కి ఎంతో నచ్చింది!"

బయట కూర్చున్న అమ్మడు ఉలిక్కిపడింది. అది తన సంగతి. మూడో తరగతిలో తను పలక మీద 'సేప' అని రాస్తే, చంద్రశేఖరం మాస్టారు చెరపకుండా పక్కన 'చేప' అని రాశారు. అందుకే పిల్లల ఇంటిమాటను చిన్నబుచ్చని టీచర్నవుతానని దరఖాస్తు వ్యాసంలో రాసి, దిద్దమని ఆయనకే ఇచ్చింది. ఆశ్రిత నాన్న ఆయనే.

"ఏటి మాస్టారూ ఇది?" అని ఆయన్నే అడిగింది.

"నీకింకేదైనా తడుతుందిలే," అంటూ ఆయన మొహం తిప్పుకున్నారు.

అమ్మడు వంతు వచ్చింది. లోపల మేడమ్ అడిగారు. "ఒకే సంగతి ఇద్దరు రాశారు. ఎవరిది?"

"నాదేనండి. ఆ అమ్మాయి మా మాస్టారి కూతురు."

"ఇంకా ఆయనలాంటి టీచరే అవుతావా?"

అమ్మడు తలుపు వైపు ఒకసారి చూసింది.

"అవుతానండి. పలక మీద 'చేప' రాసిన ఆ దినం ఆయనలాగ."