మృదుస్వభావి

“మృదుస్వభావి అని రాశారు. ఎవరు?” అన్నాడతను, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

“ఎవరేంటి బాబూ? మా అమ్మాయే.”

అతను ఆ మాట చెరిపేశాడు.

తల్లికి ప్రాణం ఉసూరుమంది. ఆవిడ రిటైరైన టీచరు. పిల్లల రాతల్లో ఎర్రగీతలు పెట్టడమే గానీ, తన రాతలో ఇంకొకరు పెడుతుంటే చూసి ఎరగదు.

కూతురు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. లోపమున్న లిఫ్టుకి సర్టిఫికెట్ ఇమ్మని ఎవరు బతిమాలినా సంతకం పెట్టని మనిషి. పెళ్లి సంబంధాల సైట్‌లో వయసు, ఎత్తు, చదువు, జీతం వగైరా గళ్లన్నీ తనే నింపేసి, ‘నా గురించి’ అన్న పెద్ద గడి మాత్రం తల్లికి వదిలింది. అదీ ఊరికే వదల్లేదు. ఒక్క అబద్ధం ఉండకూడదు, తను చదవకుండా సైట్‌లోకి ఎక్కకూడదు అంది. ఆ పైన ఇతన్ని కూడా తనే పిలిపించింది.

“నువ్వు పొగుడుతావు, నేను తిట్టుకుంటాను. ఉన్నదున్నట్టు చెప్పేది అతనొక్కడే” అంది తల్లితో.

అతను వచ్చాడు. గుమ్మంలో ఆవిణ్ణి ఏదో పిలవబోయి, ఆగి, “నమస్తే మేడమ్” అన్నాడు.

“సర్దుకుపోయే గుణం,” అతను చదివాడు. “ఇది సైటువాడి నమూనాలోది కదా?”

“బటన్ నొక్కితే దానంతటదే వచ్చిపడింది. అందరూ అదే పెడతారు.”

“అందరూ అదే పెడితే ఈవిడెవరో ఎలా తెలుస్తుంది?” అదీ పోయింది.

“వంటలో దిట్ట.”

ఆవిడ చప్పున కిటికీ వైపు చూసింది.

“బ్రెడ్డు మాడకుండా కాలుస్తుంది మేడమ్, అది రాద్దాం. కోపమొస్తే?”

“కోపమా? మా అమ్మాయికా?”

“అరవదు. అలమరాలు తుడుస్తుంది. ఇల్లు తళతళ్లాడుతోందంటే తనకి ఒళ్లు మండుతోందన్నమాట.” టైపు చేసేశాడు. “ఇప్పుడు ఫోటో.”

ఫోటో స్టూడియోలో తీయించింది. కూతురు పక్కకి వాలి, ఎన్నడూ నవ్వని నవ్వొకటి నవ్వుతోంది. అతను దాన్ని కాస్త ఎక్కువసేపే చూశాడు.

“పాతది” అన్నాడు.

“బాగా పడిందని...”

“బాగానే పడింది.” దాన్ని తీసేసి, ఆవిడ ఫోన్లో వెతికి, హెల్మెట్ కింద జుట్టంతా అణిగిపోయి, ముక్కు మీద గ్రీజు మరకతో ఉన్న ఈ మధ్యది పెట్టాడు.

ఆవిడ ఇక ఆగలేకపోయింది. “నాయనా, దానికి ముప్పై మూడు. ఇలా నిజాలన్నీ కుమ్మరిస్తే ఒక్కడూ మా గుమ్మం తొక్కడు. నా తర్వాత అది ఒంటరిదైపోతుందేమోనని నా భయం. కాస్త తీపి కలిపితే తప్పేంటి?”

ఇంతలో కూతురు డ్యూటీ దిగి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా బూట్లు విప్పి, ముఖం కడుక్కుని, వెళ్లి బాల్కనీలో కూర్చుంది. తల్లి పిలవబోతే అతను చెయ్యెత్తి ఆపాడు.

“కాసేపు వదిలెయ్యండి. పగలంతా మోటార్ల రొద వినొస్తుంది.”

చివరి గడి ‘ఎలాంటివారు కావాలి’. ‘మంచి ఉద్యోగం, మంచి కుటుంబం’ అని తల్లి రాసింది. అతను అది కొట్టేసి, ‘పగలంతా మోటార్ల రొద విని, ఇంటికి రాగానే ఒక గంట నేను మాట్లాడను. దానికి అలిగేవారు వద్దు’ అని రాశాడు. ఆ వాక్యం రాయడానికి మిగతా అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

కూతురు లోపలికొచ్చి స్క్రీను ముందు కూర్చుంది. లిఫ్టు తనిఖీ చేసినట్టే చదివింది, పైనుంచి కిందకి, మళ్లీ కిందనుంచి పైకి.

“‘రొద’ అనను నేను. ‘గోల’ అంటాను.” మార్చింది. “మొదట ఫోన్ మాట్లాడేది నేను, అమ్మ కాదు. ఆ నంబరు తీసేసి నాది పెట్టండి.” పెట్టారు. తర్వాత ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది.

‘తప్పు నాదైతే సారీ చెప్పడం నాకు రాదు. టీ పెట్టి పక్కన ఉంచుతాను. అర్థం చేసుకోవాలి.’

“ఇది నేనెప్పుడూ చెప్పలేదే?”

“చెప్పవు. పెడతావు” అన్నాడతను.

ఆమె ఫోనుకి ఓటీపీ వచ్చింది. అంకెలు తనే కొట్టింది. ‘మీ ప్రొఫైల్ పరిశీలనలో ఉంది, రేపటికి కనిపిస్తుంది’ అని సైటు చెప్పింది. కూతురు లేచి వంటింట్లోకి వెళ్లి, ఒక టీ తెచ్చి, అతని పక్కన పెట్టి, మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లిపోయింది.

అతను టీ మొత్తం తాగాడు. కప్పు కడిగి, వెతుక్కోకుండా దాని చోట బోర్లించి బయల్దేరాడు. తల్లి గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ కళ్లు నిండి ఉన్నాయి.

“నిజం చెప్పు బాబూ, ఇది చదివి ఎవడొస్తాడు?”

“ఐదేళ్ల క్రితం మీరు ఇదే రాసుంటే నేను ఇలాగే వచ్చేవాణ్ణి, వచ్చి ఉండిపోయేవాణ్ణి కూడా అత్తయ్యా” అన్నాడు, చెప్పులేసుకుంటూ, ఆవిడ మాజీ అల్లుడు.